ఆ ఎర్ర గుండ్రాలు నీ స్లైడ్‌లోవేనా?

*నమస్తే మేడం. కర్నూలులో డీఎంఎల్‌టీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మోషన్ స్మియర్‌కు మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ వేసి రిపోర్టు రాయమన్నారు. క్రిప్టోస్పోరిడియం పాజిటివ్ అని రాసి, బొమ్మ వేసి, చివర లిమిటేషన్స్ కూడా పెట్టాను. మా మేడం రికార్డు తిరిగిచ్చేసి, "ఇది నీ స్లైడ్ గురించి కాదు, పుస్తకం గురించి" అన్నారు. వైవా పది రోజుల్లో ఉంది. ఎక్కడ తప్పు, ఎలా తిరగరాయాలి? రికార్డు పేజీలు, ఆ రోజు రాసుకున్న నోట్స్ కాగితం ఫోటోలు తీసి పంపుతున్నాను.*
*— ఒక విద్యార్థిని, కర్నూలు*

ఏమ్మా, రికార్డు పేజీల కంటే నీ నోట్స్ కాగితమే నాకు బాగా నచ్చింది. స్టెయిన్ మరకలు పడి, కొట్టివేతలతో నిండిన ఆ కాగితంలో కావలసినవన్నీ ఉన్నాయి. "కార్బాల్ ఫుక్సిన్ 7 ని. (5 కాదు, మేడం పిలిచారు)" అని ఉంది. "ఫ్యాన్ కింద అంచున స్టెయిన్ ఎండింది" అని ఉంది. "ఒక మూల మందం, అంతా ఎరుపే", "నీలం ఈస్టులు, కొన్నిటికి మొగ్గ", "100 ఫీల్డులకు 61", పక్కన ఆక్యులర్ మైక్రోమీటర్ రీడింగులు పది. వీటిలో ఒక్కటి కూడా రికార్డులోకి రాలేదు. ఎక్కడ తప్పు అంటే అక్కడే.

మీ కాలేజీలో రికార్డు ఇంగ్లిష్‌లో రాయాలని తెలుసు. నేను తెలుగులో చెప్తాను, నువ్వు మార్చి రాసుకో.

మొదట పద్ధతి. నువ్వు "స్మియర్‌ను మెథనాల్‌తో ఫిక్స్ చేయవలెను, 5 నిమిషాలు స్టెయిన్ వేయవలెను" అని రాశావు. "వలెను" అంటే ఎవరో ఎవరికో చెప్తున్న మాట. రిపోర్టులో ఉండాల్సింది నువ్వు చేసిన పని: "ఫార్మలిన్‌లో నిల్వ ఉంచిన నీళ్ల విరేచనం నమూనా నుంచి పలుచని స్మియర్ తీసి గాలికి ఆరబెట్టాను. మెథనాల్‌లో 1 నిమిషం ఫిక్స్ చేశాను. కిన్యౌన్ కార్బాల్ ఫుక్సిన్ వేడి చేయకుండా 7 నిమిషాలు ఉంచాను, మా షీట్‌లో ఉన్నది 5. 1 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో 2 నిమిషాలు డీకలరైజ్ చేసి, మెథిలిన్ బ్లూ 1 నిమిషం వేశాను." ఆ రెండు నిమిషాలు ఎక్కువైనందుకు ఎవరూ మార్కులు కోయరు. దాచి 5 అని రాస్తే మాత్రం, ఆ తర్వాత రంగు గురించి నువ్వు రాసే ప్రతి మాటకూ ఆధారం పోతుంది. నమూనాను గాఢపరిచావా, నేరుగా స్మియర్ తీశావా అన్నది కూడా ఒక ముక్క రాయి. నీ కాగితం ప్రకారం నేరుగానే తీశావు. దీనితో చివర్లో పని పడుతుంది.

ఇక పరిశీలన దగ్గరికి వద్దాం. నువ్వు మొదటి వాక్యంలోనే "క్రిప్టోస్పోరిడియం సిస్టులు కనిపించినవి" అని రాసేశావు. ఈ పరాన్నజీవి మలంలో కనిపించే గుండ్రని రూపాన్ని ఊసిస్టు అంటారు, సిస్టు అని కాదు; ఆ మాట ముందు దిద్దుకో. కానీ అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. మైక్రోస్కోపులో క్రిప్టోస్పోరిడియం అని పేరు రాసి ఉండదు కదా. కనిపించేది నీలం నేల మీద ఎర్రని గుండ్రని వస్తువు. ఆ ఎర్ర గుండ్రం నుంచి పేరు దాకా ఎలా వచ్చావో చూపించడమే పరిశీలన భాగం పని. దారిలో రెండు అడ్డంకులున్నాయి. రెండూ నీ స్లైడ్ మీదే ఉన్నాయి కాబట్టి రెండింటినీ దాటినట్టు రాయాలి.

మొదటి అడ్డంకి స్టెయిన్ పొడి. మన కర్నూలు ఎండాకాలం సంగతి నీకు చెప్పక్కరలేదు. ఏప్రిల్‌లో ఫ్యాన్ కింద రాక్ మీద స్లైడ్ పెట్టి ఏడు నిమిషాలు వదిలేస్తే అంచుల్లో కార్బాల్ ఫుక్సిన్ ఎండి రేణువులు కడుతుంది. అవి కూడా ఎర్రగానే ఉంటాయి, కొన్ని గుండ్రంగానూ ఉంటాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. స్మియర్ లేని ఖాళీ గాజు మీదకి స్టేజ్ జరిపి చూడు. అక్కడ కూడా అవే ఎర్ర చుక్కలు ఉంటే అవి మలంలోంచి వచ్చినవి కావు. తర్వాత అనుమానం ఉన్న గుండ్రం మీద ఫైన్ ఫోకస్ మెల్లగా కిందికీ మీదికీ తిప్పు. ఊసిస్టు అయితే చుట్టూ గోడ తేలి, లోపలి రేణువులు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతాయి. స్టెయిన్ పొడి అయితే ఎంత తిప్పినా ముదురు ముద్దగానే ఉంటుంది, అంచులు గరుకుగా ఉంటాయి, తరచుగా స్మియర్ కంటే పై మట్టంలో ఫోకస్ అవుతుంది. నీ నోట్స్‌లో "అంచు చుక్కలు లెక్కపెట్టలేదు" అని ఉంది. భేష్. అదే మాట రికార్డులో రాయి: "కుడి అంచున స్టెయిన్ ఎండిన భాగంలోని ఎర్ర రేణువులను లెక్కలోకి తీసుకోలేదు. ఖాళీ గాజు మీద కూడా అలాంటివే ఉన్నాయి." ఖాళీ గాజు సంగతి నీ కాగితంలో లేదు. రాసే ముందు స్లైడ్ మళ్లీ పెట్టి చూసుకో. చూడకుండా నా వాక్యం దించేస్తే మళ్లీ పుస్తకం కథే.

రెండో అడ్డంకి ఈస్ట్. ఇక్కడ పరిమాణం నీకు పెద్దగా సాయం చేయదు. ఈస్ట్ కణాలు, క్రిప్టో ఊసిస్టులు దాదాపు ఒకే సైజులో ఉండొచ్చు. తేడా తెలిసేది రంగులో, ఆకారంలో. యాసిడ్ పోసినప్పుడు ఈస్ట్ ఎరుపును వదిలేసి మెథిలిన్ బ్లూ పట్టుకుంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మొగ్గ తొడుగుతుంది. నీ స్లైడ్‌లో నీలం ఈస్టులు, ఎర్ర గుండ్రాలు పక్కపక్కనే ఒకే ఫీల్డులో ఉన్నాయన్నావు. ఇది ఎంత విలువైన పరిశీలనో నీకు తట్టినట్టు లేదు. ఈస్ట్ నీలంగా మారిందంటే ఆ ఫీల్డులో యాసిడ్ తన పని తాను చేసిందని అర్థం. అయినా ఎరుపు నిలుపుకున్నది ఏదో నిజంగానే యాసిడ్‌కు ఎదురు నిలబడింది. అదే నీ మందపు మూలలో చూడు. ఈస్టులతో సహా అంతా ఎర్రగానే ఉంది. అక్కడ యాసిడ్ లోపలికి దిగలేదు. ఆ మూలలోని ఎరుపుకు ఏ అర్థమూ లేదు. నీ 61లో ఆ మూలలోవి కలిశాయా లేదా? కాగితంలో స్పష్టంగా లేదు. కలిసి ఉంటే మళ్లీ లెక్కపెట్టి కొత్త సంఖ్య రాయి. పాత సంఖ్య మీద మమకారం వద్దు.

ఇప్పుడు కొలత. రికార్డులో "4 నుంచి 6 మైక్రాన్లు" అని రాశావు. అది పుస్తకంలో క్రిప్టో ఊసిస్టుకు ఉండే కొలత. నీది నీ కాగితంలోనే ఉంది. 100 ఆబ్జెక్టివ్ కింద స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి చూస్తే ఆక్యులర్ గీతలు 63, స్టేజ్ గీతలు 6 సరిగ్గా కలిశాయని రాసుకున్నావు. స్టేజ్ మైక్రోమీటర్‌లో ఒక్కో గడి 10 మైక్రాన్లు. అంటే 60 మైక్రాన్లు 63 గీతల్లో పంచుకున్నాయి, ఒక్కో ఆక్యులర్ గీత 0.95 మైక్రాన్. నువ్వు కొలిచిన పది ఊసిస్టులు 4.5 నుంచి 5.5 గీతల మధ్య ఉన్నాయి. సగటు 5.05. మైక్రాన్లలోకి మారిస్తే కనిష్ఠం 4.3, గరిష్ఠం 5.2, సగటు 4.8.

కాలిక్యులేటర్ 4.81 అని చూపిస్తుంది. ఆ చివరి అంకె రాయకు. గీతల మధ్య కంటితో అర గీత దాకా అంచనా వేయగలం, అంతకు మించి రాదు. అంటే నీ ఒక్కో రీడింగు దాదాపు అర మైక్రాన్ అటూ ఇటూ ఉండొచ్చు. కాబట్టి "పది ఊసిస్టుల వ్యాసం 4.3 నుంచి 5.2 మైక్రాన్లు, సగటు సుమారు 4.8, ఒక్కో కొలతలో అర మైక్రాన్ వరకు తేడా ఉండవచ్చు" అని రాయి. అంత తేడా ఉంటే కొలత ఎందుకని అడుగుతావేమో. సైక్లోస్పోరా ఊసిస్టు కూడా ఇదే స్టెయిన్‌లో ఎర్రగా వస్తుంది, గుండ్రంగానే ఉంటుంది. కానీ 8 నుంచి 10 మైక్రాన్లు. నీ అతి పెద్ద ఊసిస్టుకు అర మైక్రాన్ కలిపినా ఆరు దాటదు. సైక్లోస్పోరా కాదని చెప్పే హక్కు నీకు ఈ కొలతే ఇచ్చింది. సిస్టోఐసోస్పోరా అయితే పొడవాటి దీర్ఘవృత్తం, వీటికి ఎన్నో రెట్లు పెద్దది. దాని గురించి ఒక్క వాక్యం చాలు.

పరిశీలనలో ఇంకొకటి వదిలేశావు. "కొన్ని లేత గులాబీ, కొన్ని రంగే లేవు" అని కాగితంలో ఉంది. బహుశా రికార్డు అందంగా ఉండాలని తీసేసి ఉంటావు. తీయకు. క్రిప్టో ఊసిస్టులు ఒకే స్లైడ్‌లో ముదురు ఎరుపు నుంచి రంగు పట్టని ఖాళీ గుండ్రాల దాకా రకరకాలుగా కనిపించడం మామూలే. అన్నీ ఒకే ఎరుపులో ఉన్నాయని రాసిన రిపోర్టు చూస్తేనే నాకు అనుమానం వస్తుంది.

బొమ్మ విషయంలో నేనూ నీలాంటిదాన్నే. నా ప్రాక్టికల్ పరీక్షలో ఊసిస్టు లోపల నాలుగు స్పోరోజాయిట్లను అరటిపండ్ల గెలలా చక్కగా వేసి, లేబుల్ పెట్టాను. అట్లాస్‌లో అలాగే ఉంది మరి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మైక్రోస్కోప్ ముందు నుంచి లేచి, "చూపించమ్మా" అన్నారు. ఇరవై నిమిషాలు తిప్పాను. ఒక్క దానిలోనూ కనిపించలేదు. ఆయన ఏమీ అనలేదు, మార్కులే చెప్పాయి. నీ బొమ్మలో కూడా నాలుగు స్పోరోజాయిట్లు ఉన్నాయి. నీ కాగితంలో ఉన్నదేమో "లోపల ముదురు చుక్కలు, ఒక పక్కకు". అయితే బొమ్మలో వేయాల్సింది ఆ చుక్కలే. లేబుల్ "లోపలి రేణువులు". స్పోరోజాయిట్లు కొన్ని స్లైడ్లలో కనిపిస్తాయి. నీకు కనిపించలేదు, అంతే.

నేనైతే మూడు బొమ్మలు వేయమంటాను, మూడూ ఒకే స్కేలులో. ఒకటి ముదురుగా రంగు పట్టిన ఊసిస్టు. రెండోది రంగు పట్టని ఊసిస్టు. మూడోది అదే ఫీల్డులోని మొగ్గ తొడిగిన ఈస్ట్. ఈస్ట్ ఎందుకంటే, నువ్వు దేన్ని దేని నుంచి వేరు చేశావో చూసేవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. హెచ్‌బీ పెన్సిల్‌తో సన్నని ఒకే గీత, పైపైన పది గీతలు గీసినట్టు కాదు. ముదురు భాగాలకు చుక్కలు పెట్టు, వేలితో రుద్ది నీడలు వేయకు. లేబుల్ గీతలు స్కేలుతో గీయి, ఒకదానినొకటి దాటకూడదు, కొస సరిగ్గా ఆ భాగాన్ని తాకాలి. నీ బొమ్మలో "ఊసిస్టు గోడ" గీత గోడకు రెండు మిల్లీమీటర్ల దూరంలో గాలిలో ఆగింది. చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నువ్వు గోడ అన్నది దేన్నో చదివేవాళ్లకు తెలియకుండా పోయింది.

బొమ్మ కింద నువ్వు ×1000 అని వేశావు. దీని మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే పదిమందిలో తొమ్మిదిమంది ఇదే రాస్తారు. ఐపీస్ 10, ఆబ్జెక్టివ్ 100, కాబట్టి మైక్రోస్కోప్ వెయ్యి రెట్లు చూపిస్తుంది, నిజమే. కానీ కాగితం మీద ఉన్నది నీ బొమ్మ. 4.8 మైక్రాన్ల ఊసిస్టును నిజంగా వెయ్యి రెట్లు పెంచి గీస్తే 4.8 మిల్లీమీటర్లు, అంటే పెసర గింజంత వస్తుంది. నువ్వు గీసింది 48 మిల్లీమీటర్లు, నేను ఫోటోలో పక్కనున్న నీ స్కేలుతో పోల్చి చూశాను. అది పదివేల రెట్లు. రెండూ వేర్వేరుగా రాయి: "ఆయిల్ ఇమ్మర్షన్ కింద వెయ్యి రెట్లలో చూసినది, బొమ్మ ×10,000". ఇంకా మంచిది, బొమ్మ పక్కన ఒక స్కేల్ బార్ గీయి. నీ బొమ్మలో 10 మిల్లీమీటర్లు ఒక మైక్రాన్ కాబట్టి, 50 మిల్లీమీటర్ల గీత గీసి 5 మైక్రాన్లు అని రాస్తే సరిపోతుంది. రేపు రికార్డును జిరాక్స్‌లో చిన్నది చేసినా ఆ గీత కూడా బొమ్మతో పాటే చిన్నదవుతుంది. ×10,000 అన్న అంకె మాత్రం అబద్ధమైపోతుంది.

ఇక లిమిటేషన్స్. "మానవ తప్పిదాల వల్ల, పరికరాల లోపం వల్ల ఫలితాల్లో తేడా ఉండవచ్చు" అని రాశావు. ఈ వాక్యం కెమిస్ట్రీ టైట్రేషన్‌కూ అతుకుతుంది, చక్కెర పరీక్షకూ అతుకుతుంది. పరిమితి అంటే రెండు ముక్కలుండాలి: నేను ఏం చేయలేదు లేక చేయలేకపోయాను, అందువల్ల ఏ మాట చెప్పలేను. రెండో ముక్క లేకపోతే అది సాకు అవుతుంది.

నీ స్లైడ్‌కు పెద్ద పరిమితి కంట్రోల్ లేకపోవడం. క్రిప్టో ఉందని ముందే తెలిసిన ఒక స్లైడ్‌ను దీనితో పాటే స్టెయిన్ చేయలేదు. కాబట్టి ఆ రోజు స్టెయిన్, యాసిడ్ సరిగ్గా పనిచేశాయని స్వతంత్రంగా రుజువు లేదు. కానీ అక్కడితో ఆపకు. లెక్కపెట్టిన ఫీల్డుల్లో ఈస్టులు నీలంగా మారాయి కాబట్టి అక్కడ డీకలరైజేషన్ జరిగిందని కొంతవరకు చెప్పవచ్చు అని కూడా రాయి. నీకు అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా అంతే నిజాయితీగా పెట్టాలి. ఫలితం నెగటివ్ వచ్చి ఉంటే ఈ పరిమితి ఇంకా బరువుగా ఉండేది. స్టెయిన్ పాడైందో, ఊసిస్టులు లేవో తేల్చే దారే ఉండేది కాదు.

తర్వాతది, నీ రికార్డులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన వాక్యం: "ఇతర పరాన్నజీవులు లేవు". ఈ స్టెయిన్‌తో ఆ మాట అనలేం. జియార్డియా, ఎంటమీబా లాంటివి దీనిలో గుర్తుపట్టేలా రంగు పట్టవు. వాటికి ట్రైక్రోమ్ ఉంది, సెలైన్, అయోడిన్ వెట్ మౌంట్లు ఉన్నాయి. పురుగుల గుడ్లు వెతకాలన్నా వెట్ మౌంటే చేయాలి, అదీ నమూనాను గాఢపరిచి. నువ్వు నేరుగా తీసిన స్మియర్‌లో ఉన్నది చిటికెడు మలం. కాబట్టి "ఇతర పరాన్నజీవుల కోసం పరీక్షించలేదు" అని రాయి. లేవు, చూడలేదు అన్న రెండు మాటల మధ్య ఒక రోగి ఉంటాడు. ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాక ఈ వాక్యం డాక్టర్ చేతికి వెళ్తుంది, ఆయన దాన్నిబట్టి మందు ఆపేస్తాడు.

"61" సంగతి. 100 ఆయిల్ ఇమ్మర్షన్ ఫీల్డుల్లో 61 అని రాయి, అది నిజం. దాని పక్కన "తీవ్రమైన ఇన్ఫెక్షన్" అని నువ్వు చేర్చిన మాట తీసేయి. స్మియర్‌లో ఎంత మలం ఉందో తూచలేదు, కాబట్టి గ్రాముకు ఎన్నో చెప్పలేవు. పైగా ఊసిస్టులు రోజూ ఒకేలా పడవు, ఈ రోజు గుంపుగా, రేపు ఒకటీ అరా. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడమంటారు. నీ దగ్గర ఉన్నది ఒక రోజు నమూనా.

చివరిగా, పేరు ఎంతవరకు చెప్పాలి. నువ్వు "క్రిప్టోస్పోరిడియం పార్వమ్" అన్నావు. మనుషుల్లో ఎక్కువగా కనిపించే పార్వమ్, హోమినిస్ రెండూ ఈ స్లైడ్ మీద అచ్చం ఒకేలా ఉంటాయి. పీసీఆర్ లాంటి పరీక్ష లేకుండా ఆ రెండో మాట రాయలేం. ప్రజాతి పేరు, అంటే క్రిప్టోస్పోరిడియం దగ్గరే ఆగిపో. ఇవన్నీ కలిపితే నీ ముగింపు ఇలా వస్తుంది: "స్మియర్‌లో గుండ్రని, యాసిడ్ ఫాస్ట్, సుమారు 4.8 మైక్రాన్ల వ్యాసం గల ఊసిస్టులు ఉన్నాయి. ఆకారం, పరిమాణం, రంగు క్రిప్టోస్పోరిడియం ఊసిస్టులతో సరిపోతున్నాయి. ఏ స్పీషీస్ అన్నది ఈ పద్ధతితో తేలదు." రోగికి విరేచనాలు దీనివల్లే అని రాయకు. అది రోగిని చూసిన డాక్టర్ చెప్పాల్సిన మాట.

వైవాకు ఒక పని చేసి పెట్టుకో. నీ స్లైడ్‌లో మంచి ఊసిస్టు, పక్కనే మొగ్గ ఉన్న ఈస్ట్ కలిసి కనిపించే ఫీల్డు ఒకటి వెతికి, మెకానికల్ స్టేజ్ మీద రెండు వెర్నియర్ రీడింగులు చూసి బొమ్మ కింద రాయి. స్లైడ్ లేబుల్ ఏ వైపు పెట్టావో కూడా రాయి, తిరగేస్తే ఆ అంకెలు పనికిరావు. వేరే మైక్రోస్కోప్ ఇస్తే కూడా రీడింగు కొంచెం జరుగుతుంది, కాబట్టి వీలైతే అదే మైక్రోస్కోప్ అడుగు. చూశాక కవర్‌స్లిప్ లేని స్మియర్ మీద ఆయిల్‌ను గుడ్డతో రుద్ది తుడవకు, స్మియర్ లేచిపోతుంది. లెన్స్ పేపర్ పైన పరిచి ఆయిల్ పీల్చుకోనిచ్చి మెల్లగా ఎత్తు. "చూపించమ్మా" అంటారు. ఆ అంకెలకు స్టేజ్ జరిపి, నువ్వు పక్కకు తప్పుకుంటే చాలు.